ఎనిమిదో చోటు

నేనెంత చదివానని ఎవరైనా అడిగితే, మా ఇంట్లో సగటు తీస్తే పీయూసీ అంటాను. నా భార్య లెక్కల్లో ఎమ్మెస్సీ. నేను ఏడో తరగతి. రెండూ కూడి సగం చేస్తే సరిగ్గా పన్నెండు వస్తుంది. సగటు ఎట్లా తీయాలో కూడా ఆమే చెప్పింది.

రాయచూరు బజారులో మాది ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. బకెట్లు, మగ్గులు, స్టూళ్లు, టిఫిన్ డబ్బాలు. తాతల నాటి నుంచి ఈ ఊరివాళ్లం కాబట్టి నా నోట్లో తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి ఒకే కూరగా ఉడుకుతాయి. ఆమె సింధనూరు దగ్గర కాలువ కింద క్యాంపులో పుట్టింది. వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వరి నాటడానికి వచ్చి ఉండిపోయారు. పెళ్లైన కొత్తలో నేను "గిట్ల రా" అంటే "ఎట్లా?" అని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. రావడం కూడా మానేసిందనుకోండి.

ఆమె ఊళ్లో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంది. ఆ బడిలో ఎండాకాలం సెలవులకు జీతం ఇవ్వరు. పోయిన ఏడాది ఆ రెండు నెలల్లో అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, దుకాణంలో బేరాలు లేవు. జూన్‌లో బడి తెరిచిన వారానికే ఆమె రాత్రి అన్నం దగ్గర చెప్పింది.

"సాయంత్రం ఇంట్లో ట్యూషన్ పెడదామనుకుంటున్నానండీ."

"పెట్టు. నేను గూడ చేర్త. కన్సెషన్ ఇస్తవా?"

"ముందు వినండి. మా బడి పిల్లల్ని మాత్రం తీసుకోకూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడే సంతకం పెట్టించుకున్నారు."

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. చట్టం ప్రకారమైతే బడిలో పనిచేసే టీచరు ఎవరూ ఇంట్లో ప్రైవేటుగా చెప్పకూడదట. ప్రభుత్వ టీచర్లు చెబితే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. ప్రైవేటు బడుల వాళ్లను ఎవరూ అడగరు, బడులు కూడా చూసీ చూడనట్టు ఉంటాయి. కానీ తన క్లాసు పిల్లలకే ఇంట్లో డబ్బు తీసుకుని చెప్పి, వాళ్ల పేపరు తనే తయారు చేసి, తనే దిద్దితే, ఆ మార్కులను ఎవరు నమ్ముతారు? అందుకే ఆ ఒక్క గీత. దాన్ని దాటితే ఉద్యోగం పోతుంది. అలా పోయిన టీచరును ఊళ్లో ఇంకో బడి పిలవదు.

"అందుకని తొమ్మిది అసలు వద్దు. ఎనిమిదీ పదీ, వేరే బడుల వాళ్లు. అంతే" అంది.

మిగతావి తేల్చడానికి మాకు మూడు నాలుగు రాత్రులు పట్టింది. నేను దుకాణదారుణ్ణి కాబట్టి నాకు తెలిసింది నేను చెప్పాను. హాల్లో సోఫా తీసేసి చాపలు పరిస్తే ఇరవై మంది పడతారు, రెండు బ్యాచ్‌లకు నలభై, రేటు తక్కువ పెట్టి గిరాకీ ఎక్కువ తిప్పుదామన్నాను.

"ఇరవై మందిని కూర్చోబెట్టచ్చు. ఇరవై నోటుబుక్కులు చూడలేను. లెక్క తప్పింది అని చెప్పడానికి ఎవరైనా చాలు. ఏ మెట్టు దగ్గర తప్పిందో చూడాలి. గంటంబావులో ఎనిమిది మందినే చూడగలను."

"ఎనిమిదా? గంత మంది ఒక్క ఆటోలనే వస్తరు."

"ఆటోలో కూర్చోబెట్టి మీరు చెప్పండి మరి."

సబ్జెక్టుల దగ్గర ఇంకో పేచీ. అడగడానికి వచ్చిన తల్లులంతా "అన్నీ చెప్తరా?" అనే అడిగారు. ఆల్ సబ్జెక్ట్స్ అని బోర్డు పెట్టి హోంవర్కు రాయించే ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి. ఆమె ఒప్పుకోలేదు. లెక్కలు, సైన్సు, ఈ రెండే. తెలుగు ఇళ్ల పిల్లలకు కన్నడ కష్టం, కన్నడ చెబితే గిరాకీ బాగుంటుందని నేనన్నాను. తన కన్నడతో పిల్లలు పాసవ్వరంది. నేను చెబుతానన్నాను. నా కన్నడతో పిల్లలు పోలీస్ స్టేషన్‌కు పోతారంది. సిలబస్ కూడా స్టేట్ ఒక్కటే. సెంట్రల్ వాళ్లను అదే చాప మీద కూర్చోబెడితే ఇద్దరికీ అన్యాయం.

ఫీజుకైతే ఊళ్లో చెప్పేవాళ్లందరినీ విచారించింది. ఎనిమిదికి రెండు సబ్జెక్టులు కలిపి నెలకు ఎనిమిది వందలు, పదికి పన్నెండు వందలు. నెల మొదట్లోనే ఇవ్వాలి, ఏ నెలకు ఆ నెలే. ఏడాదిది ఒక్కసారి ఇస్తామన్నా తీసుకోదు. పిల్లవాడికి చెప్పింది ఎక్కకపోతే తల్లిదండ్రులు మానిపించగలిగేలా ఉండాలట. డబ్బు ముందే తీసుకుంటే వాళ్ల నోరు కట్టేసినట్టట. ఏడు వందల తొంభై తొమ్మిది పెట్టమన్నాను.

"ఇది మీ బకెట్టు కాదండీ."

"బకెట్‌కు గ్యారంటీ అన్న ఉంటది."

అట్లా మొదలైంది. ఐదింటికి ఎనిమిదో తరగతి, ఆరున్నరకు పదో తరగతి. పదో తరగతి బ్యాచ్ వారంలో నిండింది. ఎనిమిదో తరగతిలో ఏడుగురు చేరారు. ఒక చోటు మిగిలింది, గోడ పక్కన, కిటికీ కింద. రోజూ ఆ చాప కొస ఖాళీగా కనబడేది. నాకది దుకాణంలో అమ్ముడుపోని సరుకులా గుచ్చుకునేది. ఆమె మాత్రం "రావలసిన పిల్ల వస్తుందిలెండి" అనేది. ఆ మాట తర్వాత నేను చాలాసార్లు తలచుకున్నాను.

శ్రావణ మాసంలో ఒక శుక్రవారం సాయంత్రం, నేను దుకాణం నుంచి టీ కోసం ఇంటికి వచ్చిన వేళకు, పట్టుచీర కట్టుకున్న ఒకామె గేటు తీసుకుని లోపలికి వచ్చింది. చేతిలో పెద్ద పళ్లెం, మీద తువ్వాల. బ్యాచ్‌కు ఇంకా పావుగంట టైముంది.

"టీచరమ్మకు ఉడి నింపనీకి వచ్చిన" అంది.

ఒడి నింపడాన్నే ఇక్కడ ఉడి అంటారు. ముత్తైదువను పీట మీద కూర్చోబెట్టి, చీర కొంగులో బియ్యం, ఎండుకొబ్బరి, పసుపు కొమ్ములు, తమలపాకులు, జాకెట్ గుడ్డ పోస్తారు. కొంగులో పడ్డది తిరిగి ఇవ్వడం ఉండదు. అట్లాగే మూటగట్టుకుని లేచి దేవుడి దగ్గరకు వెళ్లాలి. మామూలుగా ఇంటికి వచ్చిన ఆడమనిషికి ఇంటివాళ్లు నింపుతారు. వచ్చిన మనిషే పళ్లెం తెచ్చుకుని ఇంటావిడకు నింపడం నేను చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదు. కానీ కోడలి చదువును గౌరవించి ఒకామె శ్రావణ శుక్రవారం ఉడి తెచ్చిందంటే మా అమ్మకు ఇంకేం కావాలి. పరుగున పీట వేసింది.

"కూసో బిడ్డా, తూర్పు దిక్కు కూసో."

నా భార్యకు వచ్చినామె ఎవరో తెలియదు. వద్దంటే పెద్దావిడ బాధపడుతుందని కూర్చుంది. వచ్చినామె వంగి దోసిళ్లతో పోసింది, జాకెట్ గుడ్డ మడత అన్నిటి మీదా పెట్టి కొంగు తనే మూసింది. కాళ్లకు కూడా మొక్కింది. అప్పుడు చెప్పింది.

"మా పాప నీ దగ్గర్నే తొమ్మిదోది టీచరమ్మా. ఎనక బెంచీల కూసుంటది."

నా భార్య కొంగు పట్టుకున్న చేతులు అట్లాగే ఉండిపోయాయి. వచ్చినామె నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. గేటు బయట తెల్ల వ్యాను ఒకటి ఆగి ఉంది. ఇంజను ఆపలేదు. ఆమె ఎక్కగానే కదిలింది.

దేవుడి గదిలో మూట విప్పితే జాకెట్ గుడ్డ మడతలో కవరు. లెక్కపెట్టలేదు. పెట్టాల్సిన అవసరం లేకపోయింది. నోట్ల మందం చూసి చెప్పడం నాకు బకెట్ వాయించి చెప్పినంత తేలిక. అది మా రేటు ప్రకారం ఏడాది ఫీజు కాదు. దానికి రెండింతలు పైనే.

"మన ఎనిమిదో బకెట్ మస్తు రేటుకు పోయింది గదా" అన్నాను.

ఆమె కవరు మూత మళ్లీ మడిచింది.

"ఇది ఫీజు కాదండీ" అంది ఆమె. "అర్ధసంవత్సరం పరీక్ష వస్తోంది. తొమ్మిదో తరగతి లెక్కల పేపరు నేనే తయారు చేస్తాను."

నాకు అర్థం కావడానికి ఆమె ఇంకొంచెం చెప్పాల్సి వచ్చింది. ఆ బడికి పదో తరగతిలో నూటికి నూరు మంది పాసవ్వడం పెద్ద పేరు. ఆ పేరు నిలవడానికి తొమ్మిదిలోనే ఏరుతారు. వెనకబడ్డ పిల్లల తల్లిదండ్రులను పిలిచి, "వేరే బడి చూసుకోండి, టీసీ మంచిగా రాసిస్తాం" అంటారు. అర్ధసంవత్సరం మార్కులతోనే ఆ జాబితా మొదలవుతుంది. ఆ పిల్ల పేరు అందులో ఉంటుందని తల్లికి తెలుసు, టీచరుకూ తెలుసు.

"రేపే తిరిగి ఇచ్చేస్తా."

"ఉడిల పడ్డది తిరిగి ఇస్తరానే?" మా అమ్మ అడ్డం పడింది. "ఇచ్చినామెకు, తీసుకున్నామెకు, ఇద్దరికి మంచిది గాదు. గట్ల ఎన్నడు జెయ్యలే మన ఇంట్ల."

కాలువ క్యాంపులో పుట్టిన మనిషికి ఈ ఊరి ఆచారం మీద వాదించడం రాదు. కవరు దేవుడి పటం వెనకకు పోయింది. దేవుడు కూడా దాన్ని లెక్కపెట్టలేదు.

మర్నాడు ఐదింటికి ఆ తెల్ల వ్యాను మళ్లీ వచ్చింది. ఒక పిల్ల దిగింది, రెండు జడలు, భుజానికి బరువైన సంచి. ఎవరూ చెప్పకుండానే నేరుగా పోయి కిటికీ కింద ఖాళీ చోటులో కూర్చుంది. మిగతా ఏడుగురు ఆమె యూనిఫాం వైపు చూశారు. అది మా ఆమె బడి యూనిఫాం.

పద్నాలుగేళ్ల పిల్లను అందరి ముందు లేపి బయటికి పంపడం ఎట్లా? నా భార్య పంపలేకపోయింది. "ఇవాళ్టికి కూర్చో. రేపు మీ అమ్మను పంపు" అంది. రెండో రోజు తల్లి రాలేదు. పిల్లే వచ్చింది. మూడో రోజూ అంతే. బ్యాచ్ నడిచినంతసేపూ వ్యాను గేటుకు ఎదురుగా చింతచెట్టు నీడలో ఆగి ఉండేది. డ్రైవరు దిగేవాడు కాదు, హారన్ కొట్టేవాడు కాదు. ఏ పిల్ల వచ్చింది, ఏ పిల్ల పోయింది, అద్దంలోంచి చూస్తుండేవాడు. నేను ఒకసారి టీ తీసుకుపోయి ఇస్తే తాగి, గ్లాసు కడిగి ఇచ్చాడు. అంత మర్యాదగా ఎవరైనా మా ఇంటిని కాపలా కాస్తారని నేను అనుకోలేదు.

వ్యాను పక్కన బడి పేరు రాసి ఉంది. ఆ బడికి పిల్లల్ని తెచ్చే వ్యాన్లన్నీ కాంట్రాక్టుకు నడిపేది ఆ పిల్ల తండ్రేనని అప్పుడు తెలిసింది.

పిల్ల మాత్రం బుద్ధిగా ఉండేది. మూడో రోజు రాత్రి నా భార్య చెప్పింది, "ఈ పిల్ల తొమ్మిదిలో లేదండీ. ఆరో తరగతిలో భిన్నాల దగ్గరే ఆగిపోయింది. సగానికి మూడో వంతు కలపమంటే, పైన పైనవీ కింద కిందవీ కలిపి రెండు బై ఐదు అంటుంది. ఆ తర్వాత మూడేళ్లు ఎవరూ చూడలేదు. చూసి ఉంటే నేర్చుకునేది. ఇవాళ రొట్టె బొమ్మ గీసి చెబితే టక్కున పట్టుకుంది."

"నాకైతే రొట్టె సగం జేస్తె సగమే కనబడ్తది."

"మీకు ఎంత చేసినా మొత్తం కావాలి" అంది, కానీ ఆ నవ్వు పెదాల దాకా కూడా రాలేదు. "అర్ధసంవత్సరం దగ్గరకొచ్చేస్తోంది. అప్పటికి పాసు మార్కులకు లాగలేను. వాళ్లు ఇచ్చింది చదువు కోసమైతే నాలుగు నెలలు ఆగేవాళ్లు."

గురువారం పొద్దున్న నేను దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఆ పిల్ల తండ్రి వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ఒక స్టూలు తీసి అటూ ఇటూ తిప్పి, దాని మీదే కూర్చున్నాడు.

"మోస్తదా అన్నా?"

"నా అంత మనిషిని మోస్తది. నీది ఏమో, పైసలు జాస్తి ఉన్నట్టున్నై జేబుల."

అతను బాగా నవ్వాడు. నవ్వడం అయ్యాక చాలా మెల్లగా మాట్లాడాడు.

"మా పిల్ల మంచిగ కూసుంటున్నదా?"

"కూసుంటున్నది. మా ఆమె అంటది, ఇంకో ఏడాది ఇట్లనే కూసుంటె..."

"సాల్ ఎక్కడిది అన్నా? దసరా ముంగట్నే పరీక్ష. పేపర్ టీచరమ్మనే తీస్తదంట గద. పేపర్ ఇయ్యమంటలేను. తోబ తోబ. ఏమేం చదవాల్నో పుస్తకంల జర నిశానీ పెట్టి ఇయ్యమను. పిల్ల గంతవరకే చదువుకుంటది."

"గట్ల ఆమె..."

"అరె, నేనేమన్న బలవంతం జేస్తున్ననా?" స్టూలు మీంచి లేచి దాని ధర ఇచ్చాడు, బేరమాడలేదు. "మా పిల్ల మీ ఇంటికి వస్తున్నదని స్కూల్ల ఎవ్వరికి తెల్వదు. ఫీజు కట్టినమని గూడ ఎవ్వరికి తెల్వదు. నేను చెప్తనా ఏంది?"

స్టూలు ఒక చేత్తో పట్టుకుని పోయాడు. పొద్దున్నే మొదటి బేరం, పూర్తి ధర. ఆ నోటు గల్లాలో వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

మధ్యాహ్నం దుకాణం పక్కవాడికి అప్పగించి ఇంటికి పోయి, ఆమె బడి నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చున్నాను. నేను చెప్పింది మొత్తం నిలబడే విన్నది.

"నిశానీ పెడితే అది పేపరే" అంది.

"పెట్టకుంటె చెప్తడు. కవరు మనింట్లనే ఉన్నది. పిల్ల రోజు వస్తున్నది. మిగిలిన ఏడుగురు సాక్ష్యం."

"పెట్టినా చెప్తాడండీ. పెద్ద పరీక్షకు మళ్లీ వస్తాడు. ఆ తర్వాత ఇంకొకళ్లను తీసుకొస్తాడు."

"మరి ఏం జేద్దాం?"

"అతను చెప్పకముందే నేను చెప్తాను."

మా అమ్మ లోపలి నుంచి అంతా విన్నది. సాయంత్రం బియ్యం చెరుగుతూ, ఎవరినీ చూడకుండా అన్నది.

"ఉడిల పడ్డది తిరిగి ఇయ్యొద్దు అన్న. ఆమె ఉడి మనం నింపొద్దు అన్ననా? రేపు శుక్రవారమే గద. కుంకుమకు పిలువుండ్రి."

నేను మా అమ్మను అప్పటిదాకా పూజలు చేసే మనిషి అనుకున్నాను.

శుక్రవారం ఆ తల్లి వచ్చింది. కుంకుమకు పిలిస్తే రాకుండా ఉండకూడదు. వ్యాను చింతచెట్టు కిందే ఆగింది. ఈసారి తండ్రే డ్రైవరు సీట్లో ఉన్నాడు. పీట మీద ఆమెను కూర్చోబెట్టి మా అమ్మ బొట్టు పెట్టింది. నా భార్య దోసిళ్లతో బియ్యం పోసింది, కొబ్బరి పెట్టింది, ఆఖరున కొత్త జాకెట్ గుడ్డ మడత. మడత బరువు కొంగుకు తగలగానే ఆమె తలెత్తింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె వద్దనలేకపోయింది. వద్దనడం ఉండదు. కొంగు ముడి వేసుకుంది.

"మా ఆయన నన్ను బతకనియ్యడు టీచరమ్మా."

"పాపకు చెప్పనని నేను అనట్లేదమ్మా" అంది నా భార్య. "ఇంట్లో కాదు. బళ్లోనే, నాలుగింటికి బెల్లయ్యాక అరగంట కూర్చోబెట్టుకుంటా. దానికి ఫీజు లేదు. ముందు భిన్నాలు, తర్వాత మిగతావి. వ్యాను మీదే కదా, ఒక అరగంట ఆపమనండి."

ఆమె కళ్లు తుడుచుకుంటూ వ్యాను ఎక్కింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. వ్యానులో మాటలు వినపడలేదు. చాలాసేపు అది కదల్లేదు. తర్వాత ఇంజను ఆన్ అయింది, అతను కిటికీలోంచి నా వైపు చూసి, సలాం చేసినట్టు చెయ్యి నుదుటికి తాకించాడు. ఆ సలాం కంటే తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

శనివారం పొద్దున్నే నా భార్య హెడ్‌మేడమ్ గదికి పోయింది. ఇంట్లో ట్యూషన్ నడుపుతున్నాననీ, బయటి పిల్లలకేననీ, మన తొమ్మిదో తరగతి పిల్ల ఒక వారం వచ్చి కూర్చుందనీ, డబ్బు పెడితే తిరిగి ఇచ్చేశాననీ, ఈసారి తొమ్మిదో తరగతి పేపరు వేరేవాళ్లతో తయారు చేయించమనీ చెప్పింది. హెడ్‌మేడమ్ అంతా విన్నదట. పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టిందట. "మీరు ముందే చెప్పారు కాబట్టి మంచిదే" అన్నదట.

నాకది మంచి వార్తలాగే వినపడింది. స్వీటు తెస్తానన్నాను.

"వద్దు. ఆవిడ నన్ను కూర్చోమనలేదు" అంది.

వారం రోజులు ఏ కబురూ లేదు. పిల్ల ఇంటికి రావడం మానేసింది. బళ్లో నాలుగింటికి ఆగేది. నాలుగు రోజులు భిన్నాలు నడిచాయి, ఐదో రోజు పిల్లే బోర్డు మీద చేసిందట, ఆ సంగతి చెబుతున్నప్పుడు నా భార్య మొహం మొదటి నెల ఫీజు చేతికి వచ్చిన రోజు కంటే ఎక్కువ వెలిగింది. కిటికీ కింద చోటు మళ్లీ ఖాళీ అయింది. వీధిలో ఏ బండి ఆగినా మేము ముగ్గురం కిటికీ వైపు చూసేవాళ్లం. ఎనిమిదో తరగతి బ్యాచ్‌లో ఇద్దరు మానేశారు. కారణం అడిగితే ఒక తల్లి "ఏం లేదు మేడమ్, ఊరికే" అంది. మా వీధికి ఊరికే వచ్చే మాట ఎక్కడ నుంచి వచ్చిందో అడగక్కర్లేదు.

తర్వాతి సోమవారం బళ్లో టైంటేబులు మారింది. తొమ్మిదో తరగతి లెక్కలు వేరే సారుకు ఇచ్చారు. నా భార్యకు ఐదు, ఆరు తరగతులు. నాలుగు తర్వాత పిల్లల్ని ఆపొద్దని, వ్యాన్లు ఆలస్యమైతే తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారని ఒక నోటీసు. పేపరు కొత్త సారు తయారు చేశాడు. సాయంత్రం హెడ్‌మేడమ్ పిలిచి చాలా మర్యాదగా చెప్పిందట, "ఈ ఏడాది ఇలా కానివ్వండి. జూన్ సంగతి మేనేజ్‌మెంట్ చూస్తుంది."

"చూస్తదంటె మంచిదేనా?" అన్నాను.

"ప్రైవేటు బడిలో చూస్తామంటే చూడబోమని అర్థమండీ."

ఆ రాత్రి ఆమె కొత్త లెక్క వేసింది. జూన్ తర్వాత జీతం లేకపోతే ఎన్ని బ్యాచ్‌లు కావాలి, తొమ్మిదో తరగతి కూడా అప్పుడు తీసుకోవచ్చు, ఎనిమిది మందికి మించకుండా మూడో బ్యాచ్ ఎన్నింటికి పెట్టాలి. బడి పేరు వెనక లేని టీచరు దగ్గరకు పిల్లలు వస్తారా అన్నది ఆ లెక్కలో ఎక్కడా వేయలేదు. నేనూ అడగలేదు. నాకు కూడా కొన్ని లెక్కలు వేయకూడదని తెలుసు.

అర్ధసంవత్సరం ఫలితాలు వచ్చాక ఒక సాయంత్రం ఆ పిల్ల మా దుకాణానికి వచ్చింది, టిఫిన్ డబ్బా మూతకు రబ్బరు రింగు కావాలని. యూనిఫాం అదే, జడలు అవే. తండ్రి వ్యాను రోడ్డు అవతల ఆగి ఉంది. జాబితాలో పేరు పడిందని మాకు అప్పటికే తెలుసు. నాకేం మాట్లాడాలో తెలియలేదు. తెలియనప్పుడు నేను చేసేది ఒకటే. రింగు చేతిలో పెడుతూ నవ్వాను.

"ఏం బిడ్డా, మా ఇంట్ల పేపర్ దొరకలేదని మా మీద కోపమా?"

ఆ పిల్ల రింగు వేలికి తొడిగి, లాగి, గట్టిగా ఉందో లేదో చూసుకుంది. నా వైపు చూడకుండానే అంది.

"పేపర్ మా నాయనకు కావాల్సుండె అంకుల్. నాకు టీచరే కావాల్సుండె. మీ పెద్దోళ్లందరు గల్సి పేపర్‌ను మంచిగ కాపాడుకున్నరు."